ఇంటర్న్‌షిప్ రిఫ్లెక్టివ్ స్టేట్‌మెంట్: చేసిన పనికీ, క్లాసు పాఠానికీ ముడి వేయడం ఎలా? (తరచుగా అడిగే ప్రశ్నలు)

క్రెడిట్లున్న ఇంటర్న్‌షిప్ చివర్లో రాసే రిఫ్లెక్టివ్ లెర్నింగ్ స్టేట్‌మెంట్లు దిద్దడం నా పనిలో భాగం. వాటిలో ఎక్కువ శాతం ఒకే చోట తడబడతాయి. చేసిన పని గురించి విద్యార్థులు బాగానే రాస్తారు. థియరీ గురించీ బాగానే రాస్తారు. ఈ రెండింటినీ కలిపే వాక్యం మాత్రం రాయరు. రాసినా "క్లాసులో నేర్చుకున్నది ఇక్కడ ఉపయోగపడింది" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. అందుకే ఇక్కడి జవాబులు ఎక్కువగా ఆ కలిపే వాక్యం చుట్టూనే తిరుగుతాయి. ఉదాహరణ ఒక్కటే తీసుకుని, దాన్నే మొదటి నుంచి చివరి దాకా లాక్కొచ్చాను.

ఇంటర్న్‌షిప్ రిపోర్ట్ వేరే ఇస్తున్నాం కదా, మళ్లీ ఈ స్టేట్‌మెంట్ ఎందుకు?

రిపోర్ట్‌లో సంస్థ గురించి, అక్కడ మీరు చేసిన పని గురించి ఉంటుంది. స్టేట్‌మెంట్‌లో ఆ పని వల్ల మీ అవగాహనలో ఏం మారిందో ఉండాలి. హాజరు పట్టీ చూస్తే మీరు ఆఫీసుకు వెళ్లారని తెలుస్తుంది. సూపర్‌వైజర్ ఇచ్చే సర్టిఫికెట్ చూస్తే పని చేశారని తెలుస్తుంది. నేర్చుకున్నారని చూపించడానికి ఈ కాగితం తప్ప వేరే ఆధారం లేదు. క్రెడిట్ ఇచ్చేది ఆ నేర్చుకున్నదానికే.

తేడా కనిపెట్టడం సులువే. మీ పేరా ఒకటి తీసి, అదే ఆఫీసులో పక్క సీట్లో కూర్చున్న ఇంకో ఇంటర్న్ పేరు మీద పెట్టి చూడండి. ఒక్క మాట కూడా మార్చకుండా సరిపోయిందంటే అది రిపోర్ట్ పేరా.

నాకిచ్చింది ఉత్త డేటా ఎంట్రీ. అందులో థియరీ ఏముంటుంది?

ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. పెద్ద పనుల్లోనే థియరీ ఉంటుందని అనుకుంటాం గానీ, రాతకు పనికొచ్చే సందర్భాలు ఎక్కువగా చిన్న పనుల్లోనే దొరుకుతాయి. స్ట్రాటజీ మీటింగ్‌లో మూల కూర్చుని నోట్స్ రాసుకున్న ఇంటర్న్ కంటే, రోజూ బిల్లులు ఎక్కించిన ఇంటర్న్ దగ్గరే చెప్పడానికి ఎక్కువ ఉంటుంది. ఎందుకంటే ఆ పని తన చేతుల మీదుగా జరిగింది.

పనిలో థియరీ కోసం వెతికేటప్పుడు "ఇది ఏ చాప్టర్?" అని మొదలుపెట్టకండి. "ఈ అడుగు ఎందుకు పెట్టారు? ఇది తీసేస్తే ఏం చెడిపోతుంది?" అని అడగండి. బిల్లు ఎక్కించే ముందు ఆర్డర్ కాగితం ఎందుకు చూడమన్నారు? సరుకు ముట్టినట్టు స్టోర్ వాళ్లు సంతకం చేసిన రసీదు ఎందుకు జత చేయమన్నారు? రాని సరుకుకు డబ్బు కట్టకూడదని, అడగని సరుకుకు కట్టకూడదని, అడిగిన ధర కంటే ఎక్కువ కట్టకూడదని. ఆడిటింగ్ పేపర్‌లో అంతర్గత నియంత్రణ అని చదివింది ఇదే. చాప్టర్ పేరు చివర్లో దానంతటదే వస్తుంది.

ఎనిమిది వారాల్లో చాలా పనులు చేశాను. ఏది ఎంచుకోవాలి?

అన్నీ రాయకండి. రెండు సందర్భాలు, మహా అయితే మూడు. "సందర్భం" అంటే ఫలానా రోజు, ఫలానా గంటలో జరిగినది. "నేను అకౌంట్స్ విభాగంలో పనిచేశాను" అన్నది సందర్భం కాదు. "మూడో వారం బుధవారం మధ్యాహ్నం ఒక బిల్లు దగ్గర ఆగిపోయాను" అన్నది సందర్భం.

ఎంచుకోవడానికి నేను చెప్పే గుర్తు ఒకటే: మీరు ఎక్కడ ఆగారు? అనుకున్నట్టు జరగక ఆగిన చోటు, ఎవరినో అడగాల్సి వచ్చిన చోటు, చేసిన పనిని మళ్లీ చేయాల్సి వచ్చిన చోటు. సాఫీగా జరిగిపోయిన పని గురించి రాస్తే పొగడ్త తప్ప ఏమీ మిగలదు. వృత్తిలో నేర్చుకోవడం గురించి రాసిన డొనాల్డ్ షాన్ 1983లో రిఫ్లెక్షన్‌ను రెండు రకాలుగా విడదీశాడు: పని చేస్తుండగానే ఆలోచించి దారి మార్చుకోవడం ఒకటి, పని అయ్యాక వెనక్కి తిరిగి ఆలోచించడం ఇంకొకటి. రెండింటికీ మొదలు ఊహించనిది ఎదురుపడడమే. ఆశ్చర్యం లేనిచోట రిఫ్లెక్షన్‌కు పనిలేదు.

ఒక ఉదాహరణ పూర్తిగా చూపిస్తారా? లాగ్‌బుక్‌లో రాసినది స్టేట్‌మెంట్‌గా ఎలా మారుతుంది?

చూపిస్తాను. నేను దిద్దిన కొన్ని స్టేట్‌మెంట్లలో కనిపించినవాటిని కలిపి, వివరాలు మార్చి అల్లిన ఉదాహరణ ఇది. కామర్స్ విద్యార్థిని, యంత్రాల విడిభాగాలు అమ్మే సంస్థ, అకౌంట్స్‌లో ఎనిమిది వారాలు. పని ఏమిటంటే సరఫరాదారుల బిల్లును, దానికి సంబంధించిన ఆర్డర్‌తోనూ, సరుకు ముట్టిన రసీదుతోనూ సరిచూసి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం. దీన్ని అకౌంట్స్ వాళ్లు త్రీ-వే మ్యాచ్ అంటారు.

ఆ రోజు లాగ్‌బుక్‌లో ఆమె రాసుకున్నది ఇంతే:

"120 బేరింగుల ఆర్డర్. మొదట 100 వచ్చాయి, ఐదు రోజుల తర్వాత 20. బిల్లు 120కి, గత వారమే ఎక్కించారట. ఈ రోజు రెండో లోడ్‌తో వచ్చిన కాగితం బిల్లు నాకిచ్చారు, ఎక్కించాను. సాఫ్ట్‌వేర్ ఏమీ అనలేదు. ఆర్డర్‌తో మ్యాచ్ చేస్తే ఎర్రర్. సార్‌ని అడిగాను. రెండుసార్లు ఎక్కిందన్నారు. రద్దు చేశాం."

ఈ కొద్ది ముక్కల్లో సరుకు చాలా ఉంది. కానీ ఆమె మొదటి డ్రాఫ్ట్ ఇలా వచ్చింది:

"ఇంటర్న్‌షిప్‌లో భాగంగా త్రీ-వే మ్యాచ్ చేయడం నేర్చుకున్నాను. అంతర్గత నియంత్రణ అనేది ఏ సంస్థకైనా ఎంతో ముఖ్యం. క్లాసులో చదివిన సిద్ధాంతాన్ని ఆచరణలో చూసే అవకాశం కలిగింది. ఒకసారి ఒక బిల్లు రెండుసార్లు నమోదు కావడాన్ని గుర్తించి సరిచేశాను. దీనివల్ల జాగ్రత్తగా ఉండటం ఎంత అవసరమో తెలిసింది."

అబద్ధం ఒక్కటీ లేదు. అయినా నేర్చుకున్నదేమిటో ఎక్కడా లేదు. "జాగ్రత్తగా ఉండాలి" అన్న మాట నేర్చుకోవడానికి ఎనిమిది వారాలు అక్కర్లేదు కదా. డ్రాఫ్ట్ పక్కన పెట్టి నేను అడిగే ప్రశ్నలు ఇవి: బిల్లు రెండోసారి ఎక్కుతుంటే సాఫ్ట్‌వేర్ ఎందుకు ఊరుకుంది? మరి మ్యాచ్ దగ్గర ఎందుకు ఆగింది? ఎర్రర్ వచ్చినప్పుడు మీరు మొదట ఏమనుకున్నారు?

మొదటిదానికి ఆమె మళ్లీ తెర చూసి జవాబు తెచ్చుకుంది. మెయిల్‌లో వచ్చిన బిల్లు మీద నంబర్ `INV-0457` అని ఉంది. లోడ్‌తో వచ్చిన కాగితం మీద చేత్తో `0457` అని మాత్రమే రాసి ఉంది. సాఫ్ట్‌వేర్ డూప్లికేట్ హెచ్చరిక నంబర్‌ను అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. రెండూ వేరు కాబట్టి ఊరుకుంది. రెండో ప్రశ్నకు జవాబు: మ్యాచ్ చూసేది నంబర్‌ను కాదు, ఆర్డర్‌లో ఇంకా బిల్లు కావాల్సిన సంఖ్యను. 120కి 120 అప్పటికే బిల్లయిపోయాయి, మిగిలింది సున్నా. అందుకే ఆగింది.

మూడో ప్రశ్నకు కాసేపు మౌనంగా ఉండి చెప్పింది. సాఫ్ట్‌వేర్‌లో ఏదో సమస్య అనుకుందట. ఎర్రర్‌ను దాటవేసే బటన్ నొక్కబోయిందట. రవాణా ఖర్చుల్లో చిన్న తేడాలు వచ్చినప్పుడు సీనియర్ అదే బటన్ నొక్కడం ఆమె చూసింది. నొక్కకుండా ఎందుకు ఆగావంటే, "తేడా చిన్నది కాదు సార్, మొత్తం బిల్లంత ఉంది" అంది.

ఈ మూడు జవాబులతో రెండో డ్రాఫ్ట్ వచ్చింది:

"బిల్లు రెండోసారి ఎక్కుతున్నా డూప్లికేట్ హెచ్చరిక రాలేదు. అది నంబర్‌ను అక్షరాలుగా పోలుస్తుంది కాబట్టి, `INV-0457`, `0457` దానికి వేర్వేరు బిల్లులు. త్రీ-వే మ్యాచ్ మాత్రం మిగిలిన సంఖ్యను చూసింది కాబట్టి ఆపింది. ఒకే పొరపాటు మీద రెండు నియంత్రణలు ఉండటం అనవసరమని నేను ఆడిటింగ్ చదివేటప్పుడు అనుకునేదాన్ని. అవి వేర్వేరు సమాచారం మీద ఆధారపడితేనే రెండోది పనికొస్తుందని ఇక్కడ అర్థమైంది. రెండూ బిల్లు నంబర్‌నే చూసి ఉంటే రెండూ ఊరుకునేవి.

ఎర్రర్ రాగానే దాన్ని దాటవేయాలని నాకు అనిపించింది. సీనియర్ అలా చేయడం చూశాను. నియంత్రణను అధికారం ఉన్నవారు పక్కకు నెట్టగలగడం ఏ అంతర్గత నియంత్రణకైనా సహజమైన పరిమితి అని చదివాను. అది పెద్ద హోదాలో ఉన్నవారు కావాలని చేసే మోసం గురించి అనుకున్నాను. మంచి ఉద్దేశంతో, తొందరలో, ఒక ఇంటర్న్ కూడా అదే చేయగలదని నా చేయి బటన్ మీద ఉన్నప్పుడు తెలిసింది."

మొదటి డ్రాఫ్ట్ కంటే ఇది రెట్టింపుకు మించి పెరిగింది. పెరిగిందంతా జరిగినదానికీ, చదివినదానికీ మధ్య ఉన్న భాగమే. "అనుకునేదాన్ని", "చదివాను", "తెలిసింది" అన్న మాటల దగ్గర ఆగి చూడండి. పాత అవగాహన, దానికి ఎదురుపడిన సంఘటన, మారిన అవగాహన వరుసగా ఉన్నాయి.

థియరీ పేరు చెప్పి నిర్వచనం రాస్తే సరిపోదా?

సరిపోదు. నిర్వచనం మాకు తెలుసు, పుస్తకంలో ఉంది. ఆ ముడి గట్టిగా పడిందో లేదో చూడటానికి నాకు రెండు పరీక్షలున్నాయి.

మొదటిది, థియరీ పేరు కొట్టేసి చదవండి. వాదన అప్పటికీ నిలబడితే థియరీ లోపలికి దిగినట్టు. రెండో డ్రాఫ్ట్‌లో "అంతర్గత నియంత్రణ" అన్న మాట తీసేసినా, వేర్వేరు సమాచారం మీద ఆధారపడిన రెండు తనిఖీల సంగతి మిగులుతుంది. మొదటి డ్రాఫ్ట్‌లో అదే మాట తీసేస్తే ఖాళీ జాగా మిగులుతుంది.

రెండోది, థియరీ ముందే ఏదో ఒకటి చెప్పి ఉండాలి. "ఈ పరిస్థితిలో ఇలా జరుగుతుంది" అని అది చెప్పిన మాటను, జరిగినదాని పక్కన పెట్టాలి. కలిస్తే ఎందుకు కలిసిందో, కలవకపోతే ఏ ఊహ తప్పిందో రాయాలి. ఏమీ ముందుగా చెప్పని థియరీని ఏ సంఘటనకైనా అంటించవచ్చు. మాస్లో అవసరాల పిరమిడ్‌ను టీ విరామానికి అంటించిన స్టేట్‌మెంట్ కూడా నా బల్ల మీదకు వచ్చింది.

కోల్బ్, గిబ్స్ మోడల్స్ తప్పనిసరిగా వాడాలా?

మీ విభాగం ఇచ్చిన సూచనల్లో ఫలానా మోడల్ అని ఉంటే వాడాల్సిందే. లేకపోతే మీ ఇష్టం. మోడల్ అన్నది ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా లాంటిది, గోడ కాదు.

క్లుప్తంగా చెప్పాలంటే, అనుభవం నుంచి నేర్చుకోవడం గురించి కోల్బ్ 1984లో చెప్పిన చక్రంలో నాలుగు మెట్లున్నాయి: అనుభవం, దాన్ని తిరిగి చూడటం, దాన్నుంచి ఒక సూత్రం తీయడం, ఆ సూత్రాన్ని మళ్లీ పరీక్షించడం. గిబ్స్ 1988లో ఇచ్చిన దానిలో ఆరు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగోలేదు, ఎందుకలా, ముగింపు, తర్వాతి ప్రణాళిక. ఇంకా చిన్నది కావాలంటే "ఏం జరిగింది? అయితే ఏంటి? ఇప్పుడేంటి?" అన్న మూడు ప్రశ్నలు చాలు.

థియరీతో ముడి పెట్టమని అడిగినప్పుడు నేను కోల్బ్ వైపే మొగ్గుతాను. దానిలోని మూడో మెట్టు సరిగ్గా ఆ పనే చేస్తుంది. గిబ్స్‌తో వచ్చే చిక్కేమిటంటే, విద్యార్థులు ఆరు శీర్షికలు పెట్టి ఒక్కోదాని కింద నాలుగేసి వాక్యాలు సమానంగా పంచేస్తారు. "ఏమనిపించింది" కింద "మొదట టెన్షన్‌గా, తర్వాత సంతోషంగా అనిపించింది" అని రాసి, "ఎందుకలా" దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోతుంది. గిబ్స్ వాడితే సగం రాత ఆ నాలుగో మెట్టుకే ఇవ్వండి. శీర్షికలు చివర్లో తీసేసినా ఎవరూ ఏమనరు.

క్లాసులో చెప్పినదానికి ఆఫీసులో పూర్తిగా విరుద్ధంగా చేస్తున్నారు. అది రాయొచ్చా?

రాయొచ్చు. నిజానికి మంచి స్టేట్‌మెంట్లు ఎక్కువగా ఇక్కడి నుంచే పుడతాయి. అయితే "థియరీ వేరు, ప్రాక్టికల్ వేరు" అని రాసి చేతులు దులుపుకోకూడదు. అది ప్రశ్న మొదలయ్యే చోటు, జవాబు కాదు.

క్రిస్ ఆర్జిరిస్, డొనాల్డ్ షాన్ 1974లో ఒక భేదం చూపించారు. మనుషులు, సంస్థలు తాము పాటిస్తున్నామని చెప్పుకునే సిద్ధాంతం ఒకటి, వాళ్ల పనిలో నిజంగా కనిపించే సిద్ధాంతం ఇంకొకటి. ఈ రెండో దాన్ని పట్టుకోవాలంటే వాళ్లు చేసేది చూడాలి. "ప్రతి బిల్లుకూ మ్యాచ్ తప్పనిసరి" అని గోడ మీద ఉంది. చిన్న తేడాలను దాటవేయడం బల్ల మీద జరుగుతోంది. అంటే ఎవరూ కాగితం మీద పెట్టని నియమం ఒకటి నడుస్తోంది: తేడా చిన్నదైతే దాటవేయొచ్చు. "చిన్నది" అంటే ఎంత? ఎవరు తేల్చారు? ఈ ప్రశ్న అడిగితే ఎంత తేడాను పట్టించుకోవాలో చెప్పే ప్రాధాన్య పరిమితి గురించి ఆడిటింగ్‌లో చదివినది తలుపు తీసుకుని వస్తుంది.

మన ఉదాహరణలోనే ఇంకో వైరుధ్యం ఉంది. పాఠం ప్రకారం సరఫరాదారు వివరాలు నమోదు చేసేవారు, బిల్లు ఎక్కించేవారు, చెల్లింపుకు ఒప్పుకునేవారు వేర్వేరుగా ఉండాలి. బాధ్యతల విభజన అంటాం. ఆ ఆఫీసులో అకౌంట్స్‌లో ఉన్నది ఇద్దరే. మూడు పనులూ దాదాపు ఒక్కరే చేస్తారు. "ఇక్కడ సిద్ధాంతం పాటించడం లేదు" అని రాసి వదిలేస్తే అది ఫిర్యాదు అవుతుంది. ఇద్దరే ఉన్నచోట విభజన సాధ్యం కాదు కాబట్టి, దాని బదులు ఏం ఉందని వెతకాలి. ఆమె వెతికింది. యజమాని ప్రతి నెలా బ్యాంకు స్టేట్‌మెంట్ తానే తెరిచి, ఒక్కో చెల్లింపు మీద వేలు పెట్టి అడుగుతాడట. దీన్ని పరిహార నియంత్రణ అంటారు. విభజన పొరపాటును ముందే ఆపుతుంది, ఈ పద్ధతి డబ్బు వెళ్లిపోయాక పట్టుకుంటుంది. ఆ తేడా కూడా రాస్తే చిన్న సంస్థలో సిద్ధాంతం ఏ రూపంలో బతుకుతుందో, దానికి చెల్లించే మూల్యం ఏమిటో రెండూ చెప్పినట్టే.

ఒక హెచ్చరిక: విరుద్ధంగా కనిపించిన ప్రతిదీ తప్పు కాదు. రాసే ముందు "ఇలా ఎందుకు చేస్తారండీ?" అని అక్కడి వాళ్లను ఒక్కసారి అడగండి. సగం సందర్భాల్లో మీకు తెలియని కారణం ఒకటి బయటపడుతుంది. అది మీ పేరాకు ఉచితంగా దొరికే సరుకు.

నా పొరపాటు రాస్తే మార్కులు తగ్గుతాయా?

పొరపాటు రాసినందుకు ఎవరూ తగ్గించరు. పొరపాటు రాసి, దాని కారణం దగ్గర "అజాగ్రత్త" అని ముగిస్తే తగ్గుతాయి. అజాగ్రత్త కారణం కాదు, తిట్టు. మీరు ఆ క్షణంలో దేన్ని నమ్మి అలా చేశారో రాయండి. పై ఉదాహరణలో ఆమె నమ్మినది "సాఫ్ట్‌వేర్ హెచ్చరిక రాకపోతే బిల్లు కొత్తదే" అని. ఆ నమ్మకం తప్పని తేలడమే ఆమె నేర్చుకున్నది.

అలాగని పశ్చాత్తాప పత్రం రాయొద్దు. రెండు వాక్యాల్లో పొరపాటు, ఆ తర్వాత విశ్లేషణ.

"ముందు ముందు ఏం చేస్తాను" అన్న భాగంలో ఏం రాయాలి?

"నా నైపుణ్యాలను మరింత మెరుగుపరుచుకుంటాను" అన్నది దయచేసి వద్దు. ఫలానా పరిస్థితి వస్తే ఫలానా పని చేస్తానని రాయండి. దానికి ఉన్న పరిమితి కూడా చెప్పగలిగితే ఇంకా మంచిది.

మన విద్యార్థిని మొదట రాసింది: "బిల్లు నంబర్‌లో అంకెలు మాత్రమే ఎక్కించాలని నియమం పెట్టుకోవాలి." వినడానికి బాగుంది. ఒక్క అడుగు ముందుకు వేయమన్నాను. అంకెలే ఉంచితే, ఏడాది మారగానే నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టే సరఫరాదారు సంగతేమిటి? నిరుడు వచ్చిన 457, ఈ ఏడు వచ్చే 457 ఒకటే అయిపోతాయి, సరైన బిల్లు కూడా డూప్లికేట్‌గా ఆగిపోతుంది. అప్పుడు జనం హెచ్చరికలను దాటవేయడం అలవాటు చేసుకుంటారు, మళ్లీ మొదటికొస్తాం. ఆమె మార్చి రాసింది: "నంబర్ మీద ఒక్కదాని మీదే ఆధారపడకుండా, చెల్లింపు జాబితా తయారైన రోజు ఒకే సరఫరాదారు పేరు మీద ఒకే మొత్తం ఉన్న బిల్లులను పక్కపక్కన పెట్టి చూస్తాను. ప్రతి నెలా ఒకే అద్దె, ఒకే చందా కట్టే చోట ఇది ఊరికే హెచ్చరిస్తుంది కాబట్టి అక్కడ తేదీ కూడా చూడాలి."

చివరి వాక్యం చూశారా? తన పరిష్కారం ఎక్కడ విఫలమవుతుందో తనే చెప్పింది. కోల్బ్ నాలుగో మెట్టు అంటే ఇదే.

లాగ్‌బుక్ సరిగ్గా రాయలేదు. ఇప్పుడు ఎలా?

అక్కడ పంపిన మెయిళ్లు, మీరు తయారుచేసిన ఫైళ్ల మీది తేదీలు, సూపర్‌వైజర్‌తో చాట్‌లు ముందేసుకుని వారాల వారీగా కూర్చండి. ముఖ్యంగా మీరు ప్రశ్న అడిగిన మెసేజ్‌లు వెతకండి. ఎక్కడ ఆగారో అవే చెబుతాయి. దొరకని రోజులను ఊహించి నింపకండి.

ఇంకా ఇంటర్న్‌షిప్‌లోనే ఉన్నవాళ్లయితే రోజుకు మూడు లైన్లు చాలు: ఏం చేశాను, ఎక్కడ ఆగాను, ఏమనుకున్నాను. మూడోది ఆ రోజే రాయాలి. తర్వాత రాస్తే జవాబు తెలిసిపోయి ఉంటుంది, మొదటి నుంచీ తెలిసినట్టే గుర్తుంటుంది. ముందు తప్పుగా అనుకున్నది చేతిలో లేకపోతే, మారిన అవగాహన చూపించడం కష్టం.

నా సబ్జెక్ట్‌కు సంబంధమే లేని పని ఇచ్చారు. ఏ థియరీ రాయాలి?

లేని సంబంధం అంటించకండి. అలా చేస్తే చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ముందు మీ కోర్సు ఆశించిన ఫలితాల పట్టీ తీసి చూడండి. దానిలో సబ్జెక్ట్ జ్ఞానంతో పాటు సమాచార మార్పిడి, బృందంలో పని, సమస్యను విడదీయడం లాంటివి కూడా సాధారణంగా ఉంటాయి. ఫిజిక్స్ విద్యార్థికి స్టోర్‌లో సరుకు లెక్కించే పని పడిందనుకోండి. ఒకే రాక్‌ను ఇద్దరు లెక్కిస్తే రెండు అంకెలు వచ్చాయి. మూడోసారి లెక్కించారు. కొలతలో దోషం గురించి, అప్పుడప్పుడూ అటూఇటూ అయ్యే దోషానికీ ఎప్పుడూ ఒకే వైపు లాగే దోషానికీ తేడా గురించి ల్యాబ్‌లో చదివినది అతనికి అక్కడ నేరుగా పనికొస్తుంది. తేడా ఎప్పుడూ తక్కువ వైపే వస్తుంటే, వెనక వరుస ఎవరికీ కనబడటం లేదేమో చూడాలి.

సంస్థ రహస్యాలు బయటపెట్టకుండా ఇంత వివరంగా ఎలా రాయాలి?

పేర్లు, అసలు మొత్తాలు, ఖాతా నంబర్లు, తెర ఫొటోలు వద్దు. "ఒక సరఫరాదారు", "సీనియర్ అకౌంటెంట్" చాలు. అంకెలు మార్చితే వాటి మధ్య నిష్పత్తి చెడకుండా మార్చండి. 120, 100, 20 బదులు 60, 50, 10 పెట్టినా వాదన అలాగే నిలుస్తుంది. మార్చినట్టు ఒక లైన్‌లో చెప్పండి. చిన్న ఆఫీసులో హోదా చెప్పినా మనిషి ఎవరో తెలిసిపోతుంది కాబట్టి, సీనియర్ బటన్ నొక్కడం లాంటివి రాసేటప్పుడు "ఆఫీసులో వాడుకలో ఉన్న పద్ధతి" అని రాయడం మర్యాద. ఇవ్వడానికి ముందు సూపర్‌వైజర్‌కు ఒకసారి చూపించండి.

"నేను" అని రాయొచ్చా? ఎంత పొడవుండాలి?

రాయాలి. "గుర్తించబడింది", "నేర్చుకోబడింది" అని రాస్తే నేర్చుకున్నది ఎవరో తెలియదు. బృందం చేసిన పనికి "మేము", మీ ఆలోచనకు "నేను". పొడవు సూచనల్లో ఉన్నంతే. సంస్థ పరిచయానికి నాలుగు లైన్లు మించనివ్వకండి.

వైవాలో దీని మీద ఏం అడుగుతారు?

నేనైతే మొదట అడిగేది: "ఆ రోజు అది జరగకపోయి ఉంటే, మీరు ఇప్పటికీ ఏం నమ్ముతూ ఉండేవారు?" రెండోది, మీరు ముడిపెట్టిన థియరీ ఆ సందర్భంలో ఏ విషయాన్ని వివరించలేకపోయిందని. ఆ విద్యార్థిని రెండోదానికి ఇచ్చిన జవాబు నాకు ఇంకా గుర్తుంది. నియంత్రణ ఎందుకు పనిచేసిందో పాఠం చెప్పింది గానీ, అదే ఎర్రర్ ముందు ఒకరు ఎందుకు ఆగుతారో, ఇంకొకరు ఎందుకు బటన్ నొక్కేస్తారో చెప్పలేదంది. దానికోసం ఆర్గనైజేషనల్ బిహేవియర్ పేపర్ మళ్లీ తెరవాలేమో సార్ అంది. తెరిచి, మూడో పేరా కూడా రాసుకొచ్చింది.